విడిది సంచి బరువు నాలుగొందల గ్రాములు

మా అక్క పెళ్లికి పుణె నుంచి వచ్చిన స్నేహితురాలు సంగీత్ చూసింది, మెహందీ పెట్టించుకుంది, భోజనాల్లో మాడుగుల హల్వా రెండుసార్లు వేయించుకుంది. ముహూర్తం మాత్రం చూడలేదు. తెల్లవారి ఆరింటికి హోటల్ గదిలో నిద్ర లేచి, ఫోన్‌లో తలంబ్రాల ఫొటోలు చూసి, మంచం మీద కూర్చుని ఏడ్చిందట. ఆ పక్కనే బల్ల మీద మేం ఎంతో ముచ్చటపడి ఇచ్చిన వెల్‌కమ్ బ్యాగ్ ఉంది. అందులో సువాసన కొవ్వొత్తి, ఫొటో ఫ్రేము, గాజు సీసాలో ఆవకాయ, రెండు నీళ్ల బాటిళ్లు, అక్కా బావల పేర్లు అచ్చేసిన కార్డు. బస్సు ఎన్నింటికో చెప్పే ముక్క ఒక్కటీ లేదు.

అసలు ఏం జరిగిందంటే, శుభలేఖలో ముహూర్తం శుక్రవారం రాత్రి 1.42 గంటలకు అని ఉంది. మన పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి అర్ధరాత్రి దాటినా అది ఇంకా శుక్రవారమే. తెలుగు శుభలేఖలో కింద ‘తెల్లవారితే శనివారం’ అని ఉంటుంది చూడండి, అది అందుకే. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది ఇంగ్లిష్ శుభలేఖ. అందులో ఆ మాట లేదు. తను జాగ్రత్తగా ఫోన్‌లో శుక్రవారం అని నొక్కి, 12.30 ఏఎమ్‌కి అలారం పెట్టుకుని పడుకుంది. ఫోన్‌కి పంచాంగం తెలీదు కదా. దాని లెక్కలో శుక్రవారం 12.30 ఏఎమ్ అప్పటికే ముందురోజు రాత్రి దాటిపోయింది. అలారం వచ్చే శుక్రవారానికి వెళ్లి కూర్చుంది.

రెండేళ్ల తర్వాత చెల్లి పెళ్లి వచ్చినప్పుడు ఆ సంచుల పని మళ్లీ నా మీదే పడింది. ఈసారి ఏం పెట్టాలి అనే ప్రశ్నతో మొదలుపెట్టలేదు. రైలు దిగిన దగ్గర్నుంచి ముహూర్తం దాకా ఊరికి కొత్త మనిషికి ఏం అవసరం పడుతుంది అని మొదలుపెట్టాం. ఈ వారం ఆ లెక్కంతా మీకు చెప్తాను. ఇంట్లో పెళ్లి పనులు మీ నెత్తిన పడి ఉంటే పనికొస్తుంది.

తాంబూలం వేరు, ఇది వేరు

మా ఇంట్లో మొదటిసారి చేసిన పెద్ద పొరపాటు ఈ రెంటినీ కలిపేయడం. తాంబూలం సంచి వెళ్లేటప్పుడు ఇచ్చేది. అది ఇంటికి చేరాలి, జ్ఞాపకంగా ఉండాలి. ఇది వచ్చీరాగానే ఇచ్చేది. ఇది ఇక్కడే ఖర్చయిపోవాలి. వాళ్లు తిరిగి సూట్‌కేసు సర్దుకునేటప్పటికి ఇందులో ఖాళీ గుడ్డ సంచి తప్ప ఏమీ మిగలకూడదు.

నిజానికి ఇదేం కొత్త ఫ్యాషన్ కాదు. పెళ్లివారు విడిదింట్లో దిగగానే పానకం బిందెలు ఎదురొచ్చేవి. బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన ఆ నీళ్లు ఎండలో ప్రయాణం చేసి వచ్చినవాళ్లకి. పళ్లెంలో సబ్బు, కొబ్బరినూనె, దువ్వెన, అద్దం, పౌడరు డబ్బా పెట్టి పంపేవాళ్లు. అన్నీ అప్పటికప్పుడు వాడుకునేవే. మనమే మధ్యలో వాటిని మానేసి, కొవ్వొత్తులు పట్టుకున్నాం. అందుకే మా ఇంట్లో ఇప్పుడు దీని పేరు ‘విడిది సంచి’.

బరువు సంగతి కూడా చూడండి. మొదటి సంచిలో రెండు అరలీటరు నీళ్ల బాటిళ్లే ఒక కిలో. గాజు సీసాతో ఆవకాయ దాదాపు అరకిలో. కొవ్వొత్తి, ఫ్రేము, డబ్బా కలిపి ఇంకో ఏడొందల గ్రాములు. అంటే ఒక్కోటి రెండు కిలోల పైమాటే. మా పెద్దమ్మ ఒకటి ఎత్తి చూసి, “ఏటర్రా ఇది, సంచా, సామాను మూటా?” అంది. మేం నవ్వేశాం. దేశంలో తిరిగే విమానాల్లో చాలావాటికి చెక్-ఇన్ సామాను పదిహేను కిలోలు, చేతి సంచి ఏడు కిలోలు. పట్టుచీరలు, నగలు, పిల్లల బట్టలు సర్దుకున్నాక ఆ రెండు కిలోలకి చోటెక్కడుంటుంది? పెళ్లయ్యాక గదులు ఖాళీ చేయించడానికి వెళ్తే పందొమ్మిది కొవ్వొత్తులు బల్లల మీదే కనిపించాయి.

తాంబూలం సంచి గురించి కూడా ఒక్క మాట. విమానంలో వెళ్లేవాళ్లకి ఎండుకొబ్బరి పెట్టకండి. అందులో నూనె ఎక్కువ, నిప్పు అంటుకునే వస్తువుల లెక్కలో చెక్-ఇన్ సామానులోకి రానివ్వరు. విమానాశ్రయంలో సూట్‌కేసు తెరిపించి తీయిస్తారు.

ముందు గదులు లెక్కపెట్టండి

చెల్లి పెళ్లికి బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు అరవై రెండు మంది. హైదరాబాద్, బెంగళూరు, రాజమండ్రి, ఇంకా భిలాయ్. పెదనాన్న స్టీల్‌ప్లాంట్ మనిషి కాబట్టి భిలాయ్ ఉక్కు కాలనీలో మాకు చుట్టాలూ స్నేహితులూ ఎక్కువ. పెద్దవాళ్లు యాభై ఒక్కమంది, పిల్లలు పదకొండు మంది. ద్వారకానగర్ వైపు ఇరవై ఎనిమిది గదులు తీసుకున్నాం. కళ్యాణమండపం కూర్మన్నపాలెం దగ్గర. మధ్యలో దాదాపు ఇరవై కిలోమీటర్లు. ముహూర్తం మళ్లీ అర్ధరాత్రి దాటాకే, ఈసారి 2.05కి.

మనిషికో సంచి అక్కర్లేదు, గదికో సంచి చాలు. కానీ కార్డు మాత్రం ఫోనున్న ప్రతి ఒక్కరికీ ఒకటి ఉండాలి. ఎందుకంటే పెళ్లిలో భార్యాభర్తలు ఒకేచోట ఉండరు. ఆవిడ పూలజడ దగ్గరో, పెళ్లికూతురి గదిలోనో ఉంటుంది. ఆయన ఎవర్నో తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్లి ఉంటాడు. కార్డు గదిలో ఉండిపోతే ఇద్దరికీ ఉపయోగం లేదు.

ఇరవై ఎనిమిది గదులకి ముప్పై రెండు సంచులు కట్టాం. ఆ నాలుగూ ‘మేమూ వస్తున్నాం’ అని ముందురోజు ఫోన్ చేసేవాళ్ల కోసం. నాలుగూ ఖర్చయ్యాయి.

సంచి గుడ్డదేనా?

పెళ్లి సామాను దుకాణాల్లో గుడ్డ సంచి అడిగితే రంగురంగులవి, దారంతో కుట్టినవి చూపిస్తారు. చూపుకి గుడ్డే. చాలావాటిలో ఉండేది ప్లాస్టిక్. నాన్ వోవెన్ అంటారు. చదరపు మీటరుకి అరవై గ్రాముల కంటే పల్చటివి 2021 సెప్టెంబరు 30 నుంచి దేశమంతా నిషేధం. మామూలు ప్లాస్టిక్ సంచులైతే 2022 డిసెంబరు 31 నుంచి నూట ఇరవై మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదు. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో ముప్పై రెండు ప్లాస్టిక్ సంచులు పంచడం ఎలాగూ మనసొప్పదు.

తేడా తెలుసుకోవడం తేలిక. అంచు దగ్గర ఒక పోగు లాగి అగ్గిపుల్లకి చూపించండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. ప్లాస్టిక్ కరిగి ముడుచుకుని గట్టి పూసలా అవుతుంది.

మాకు కావాల్సినది పాతిక సెంటీమీటర్ల వెడల్పు, ముప్పై సెంటీమీటర్ల ఎత్తు ఉన్న నూలు సంచి. చదరపు మీటరుకి నూట నలభై గ్రాముల గుడ్డ చాలు. పిడులతో కలిపి ముప్పై గ్రాముల లోపే తూగుతుంది. ఇంతకంటే పెద్దది తీసుకుంటే ఒక చిక్కుంది. సంచి వెలితిగా కనిపిస్తుంది, దాన్ని నింపడానికి ఇంట్లో ప్రతివాళ్లూ ఒక వస్తువు చెప్తారు. మొదటిసారి ఫొటో ఫ్రేము అలాగే వచ్చింది. సంచి మీద పెళ్లి తేదీ, పేర్లు పెద్దగా వేయించకండి. ఒక మూల చిన్న గుర్తు చాలు. అప్పుడే ఇంటికెళ్లాక కూరగాయలకి వాడతారు.

తినేవి: రెండు రాత్రుల పరీక్ష

వైజాగ్‌లో తినేవాటికి అసలు శత్రువు ఎండ కాదు, గాలిలో తేమ. రాత్రి విప్పిన జంతికల పొట్లం పొద్దున్నకి మెత్తబడిపోతుంది. ఇది ఇక్కడ ఉండేవాళ్లకి తెలుసు, హైదరాబాద్ నుంచి డబ్బా కొనుక్కొచ్చేవాళ్లకి తెలీదు. అందమైన అట్టపెట్టెలో విడిగా పోసిన కారపు బూందీ రెండోరోజుకి తినబుద్ధి కాదు. కాబట్టి ఏది పెట్టినా ఒకరు ఒకసారి కూర్చుని తినేసేంత చిన్న ప్యాకెట్, అంచులు వేడితో అతికించినది ఉండాలి.

మేం మనిషికి మూడు పెట్టాం. నలభై గ్రాముల జంతికల ప్యాకెట్ ఒకటి, నలభై గ్రాముల వేయించిన సెనగలు ఒకటి, యాభై గ్రాముల మాడుగుల హల్వా ఒకటి. సెనగలు ఎందుకంటే షుగర్ ఉన్న పెద్దవాళ్లు కూడా భోజనం ఆలస్యమైతే తినగలరు. రాత్రి పెళ్లిలో భోజనానికీ ముహూర్తానికీ మధ్య నాలుగైదు గంటలు ఉంటుంది, ఆకలి అప్పుడే వేస్తుంది. హల్వా ఎందుకంటే అది మన దగ్గరిది. గోధుమపాలు, పంచదార, నెయ్యితో చేసేది కాబట్టి కోవా మిఠాయిల్లా మర్నాటికే పులిసిపోదు. ఫ్రిజ్ లేకపోయినా కొన్ని రోజులు ఉంటుంది.

కానీ దాంట్లో నెయ్యి ఎక్కువ. ఇక్కడే రెండో పరీక్ష. నింపిన సంచి ఒకటి మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారులో మూడు గంటలు వదిలేశాం. సాయంత్రం తీసి చూస్తే హల్వా కాగితంలోంచి నెయ్యి బయటికొచ్చి కార్డు మీద మరక పడింది. పక్కనే పెట్టిన చాక్లెట్ గురించి చెప్పక్కర్లేదు. చాక్లెట్ తీసేశాం. హల్వాని వెన్న కాగితంలో చుట్టి మూతున్న చిన్న డబ్బీలో పెట్టించాం. ఇంకో సంచిని వరండాలో రెండు రాత్రులు వేలాడదీశాం. జంతికలు కరకరలాడుతూనే ఉన్నాయి, వేరుశనగ పట్టీ మాత్రం జిగటగా మారి కవరుకి అతుక్కుంది. పట్టీ కూడా తీసేశాం. ఆర్డర్ ఇవ్వకముందే ఈ రెండు పరీక్షలూ చేసుకోండి. ఒక్క సంచితో తేలిపోయే విషయం ముప్పై రెండు కట్టాక తెలుసుకోవడం ఎందుకు?

కొన్న ప్యాకెట్ మీద తయారైన తేదీ, అందులో వేసిన దినుసులు, పద్నాలుగు అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. దినుసుల పేర్లు ముఖ్యం. జీడిపప్పు, వేరుశనగ పడనివాళ్లు ఉంటారు, వాళ్లకి అది చదువుకునే వీలుండాలి.

నీళ్లు సంచిలో వద్దు. హోటల్ వాళ్లు గదిలో ఎలాగూ రెండు బాటిళ్లు పెడతారు. చాలకపోతే ప్రతి అంతస్తులో ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి కుళాయితో సహా పెట్టించండి. ముప్పై రెండు కిలోల నీళ్లు మోసే పని తప్పుతుంది.

ఎండకి, చెప్పుల పుండ్లకి

మా చెల్లి పెళ్లి వైశాఖంలో. ఆ ఉక్కపోతలో పట్టుబట్టలు కట్టుకుని, ఆర్కే బీచ్‌కీ సింహాచలానికీ తిరిగి, రాత్రంతా మేలుకుంటే కళ్లు తిరగక ఏమవుతాయి? అందుకని పానకం చేయాల్సిన పని ఓఆర్ఎస్ పొడికి అప్పగించాం.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. మందుల దుకాణంలో ఎక్కువగా దొరికేది లీటరు నీళ్లకి సరిపడే ప్యాకెట్. అది మొత్తం లీటరులోనే కలపాలి. గదిలో ఉన్న గ్లాసులో సగం పొడి వేసుకుంటే ఉప్పూ పంచదారా లెక్క తప్పుతుంది, మేలు చేయాల్సింది ఇంకా దాహం పెంచుతుంది. అందుకే రెండొందల మిల్లీలీటర్లకి సరిపడే చిన్న ప్యాకెట్లు అడిగి తీసుకోండి. ఒక గ్లాసుకి ఒకటి, అంతే. మనిషికి రెండు పెట్టాం. రెండో జాగ్రత్త, దుకాణాల్లో అట్టడబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఇవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని మన ఆహార ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. ప్యాకెట్ మీద ఆ సంస్థ ఫార్ములా ప్రకారం అని ఉందేమో చదివి కొనండి. బీపీ, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే తాగాలి. ఆ మాట కార్డు వెనక ఒక లైనులో వేయించాం.

ఇక చిన్న జిప్ పౌచ్. అందులో ఆరు పిన్నీసులు, నాలుగు తల పిన్నులు, బ్యాండ్ ఎయిడ్లు నాలుగు, సూదీ దారం. పెళ్లికి అందరూ కొత్త చెప్పులు వేసుకుంటారు, సాయంత్రానికి మడమ మీద పుండు పడుతుంది. పిన్నీసుల సంగతి చీర కట్టే ఎవరినడిగినా చెప్తారు. వీటన్నిటి బరువు ఇరవై గ్రాములు. మనిషికో నూలు చేతిరుమాలు. చెమటకి కాగితం రుమాలు ముక్కలై మొహానికి అతుక్కుంటుంది. గుడ్డది ఉతుక్కుని మళ్లీ వాడతారు.

తలనొప్పి మాత్రలు, ఎసిడిటీ మాత్రలు పెడదామని బాబాయి అన్నాడు. వద్దనుకున్నాం. సంచి పిల్లలున్న గదిలోకి వెళ్తుంది, ఎవరికి ఏ మందు పడదో మనకి తెలీదు. వాటిని కళ్యాణమండపంలో మా పిన్ని దగ్గర పెట్టి, ఆవిడ ఫోన్ నంబరు కార్డు మీద వేశాం. దోమల క్రీమ్ కూడా అక్కడే గుమ్మం దగ్గర.

పిల్లలున్న గదులకి అదనంగా ఒక్కో పిల్లాడికి, పిల్లకి ఏటికొప్పాక లక్కబొంగరం. అంకుడు కర్రతో చేసి లక్క రంగు వేసే ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరచేతిలో పడుతుంది, బరువుండదు, సెల్‌ఫోన్ లాక్కోకుండా గంటసేపు కూర్చోబెడుతుంది. మూడేళ్ల లోపు వాళ్లకి మాత్రం ఇవ్వలేదు, ఏదైనా నోట్లో పెట్టుకునే వయసు కదా.

అసలు వస్తువు కార్డే

ఇప్పుడు అసలు దానికొద్దాం. సంచిలో అన్నీ తీసేసి ఒక్కటే ఉంచమంటే నేను ఈ కార్డు ఉంచుతాను. ఏ5 సైజు మందపాటి కాగితం, పది గ్రాముల లోపే. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లిష్. భిలాయ్‌లో పుట్టి పెరిగిన పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు.

పైన కవిత్వం, దేవుడి బొమ్మ వద్దు. అవి శుభలేఖలో ఉన్నాయి. ఇక్కడ మొదటి లైనే ఇలా వేశాం:

“బస్సు: శుక్రవారం రాత్రి 11.30కి హోటల్ గుమ్మం దగ్గర. ముహూర్తం: 2.05. అప్పటికి మీ ఫోన్ శనివారం అని చూపిస్తుంది. శుక్రవారం రాత్రి భోజనం చేశాక పడుకోకండి. పడుకుంటే 10.45కి అలారం పెట్టుకోండి.”

గమనించారా, అలారం అర్ధరాత్రికి ముందు మోగేలా చెప్పాం. అప్పుడు శుక్రవారమా శనివారమా అనే గొడవే రాదు. ఇంగ్లిష్ వైపు కూడా ఇవే మాటలు, తేదీలు అంకెలతో సహా. ఈ వైపు రాసినది మా ఇంటివాళ్లు కాక, పంచాంగం తెలియని ఒక స్నేహితుడికి చూపించి, “నువ్వైతే అలారం ఎప్పటికి పెడతావు?” అని అడిగాం. సరిగ్గా చెప్పాకే అచ్చుకిచ్చాం.

దాని కింద కళ్యాణమండపం చిరునామా, దగ్గర్లో అందరికీ తెలిసిన గుర్తు. ఆటో డ్రైవర్‌కి చూపించేలా తెలుగులో పెద్ద అక్షరాలతో. ఆ పక్కన క్యూఆర్ కోడ్. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. కొన్ని వెబ్‌సైట్లు ఉచితంగా చేసిచ్చే కోడ్ కొన్నాళ్లకి పనిచేయడం మానేస్తుంది, ఎందుకంటే అది మనల్ని ముందు వాళ్ల పేజీకి తీసుకెళ్లి అక్కడి నుంచి పంపుతుంది. గడువు అయిపోతే దారి మూసేస్తారు. మ్యాప్‌లో మండపం లింకు కాపీ చేసి, నేరుగా ఆ లింకుతోనే కోడ్ చేయండి. రెండు సెంటీమీటర్ల కంటే చిన్నదిగా వేయించకండి. అచ్చయ్యాక ఇంట్లో అన్నిటికంటే పాత ఫోన్‌తో, రాత్రి లైటు వెలుతురులో స్కాన్ చేసి చూడండి. వాట్సాప్ లైవ్ లొకేషన్ మీద ఆధారపడొద్దు, అది ఎక్కువలో ఎక్కువ ఎనిమిది గంటలే ఉంటుంది.

చివర రెండు ఫోన్ నంబర్లు. ఒకటి బస్సు చూసుకునే మనిషిది, ఒకటి గదులు చూసుకునే మనిషిది. పెళ్లికూతురి తండ్రి నంబరు వేయకండి. కన్యాదానం పీటల మీద ఉన్న మనిషి ఫోన్ ఎత్తలేడు.

ఎక్కడ ఇస్తారన్నది కూడా లెక్కే

మొదటిసారి సంచులు గదుల్లో పెట్టించాం. బాగుంటుందనుకున్నాం. కానీ హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కినవాళ్లు చాలామంది తెల్లవారుజామునే విశాఖలో దిగుతారు, గదులేమో కొన్నిచోట్ల మధ్యాహ్నం పన్నెండుకి గానీ ఇవ్వరు. ఆరుగంటలు లాబీలో ఆకలితో కూర్చున్నారు, జంతికలు తాళం వేసిన గదిలో ఉన్నాయి.

ఈసారి సంచి కారులోనే చేతికిచ్చాం. ఒక్కో సంచికి చీటీ కట్టి, దాని మీద ఇంటిపేరు, గది నంబరు, వచ్చే రైలు, ఎంతమంది అన్నవి రాశాం. స్టేషన్‌కి వెళ్లే కారులో ఆ రైలు సంచులే ఉంటాయి. కారులోంచి దిగేటప్పటికి అందరి దగ్గరా కార్డు ఉంది, తినడానికి ఏదో ఒకటి ఉంది.

కొన్ని విషయాలు మాత్రం సంచి దాకా ఆగకూడదు, రెండురోజుల ముందే వాట్సాప్‌లో వెళ్లాలి. విశాఖ స్టేషన్‌కి రెండు వైపులా దారులున్నాయి. ఒకటో ప్లాట్‌ఫామ్ వైపు ఒకటి, జ్ఞానాపురం వైపు ఇంకోటి. కారు ఏ వైపు ఉందో చెప్పకపోతే లగేజీతో అటూ ఇటూ వంతెన ఎక్కి దిగాలి. అలాగే కొన్ని దూరప్రయాణం రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి. టికెట్ మీద దువ్వాడ అని ఉన్నవాళ్లకి భయం అక్కర్లేదని, అది కూర్మన్నపాలేనికి దగ్గరేనని ముందే చెప్పాం.

చివరికి తూకం

ఇద్దరు పెద్దవాళ్లున్న గదికి లెక్క ఇలా తేలింది. సంచి ముప్పై గ్రాములు, రెండు కార్డులు ఇరవై, తినేవి రెండొందల అరవై, ఓఆర్ఎస్ ఇరవై, పౌచ్ ఇరవై, రెండు చేతిరుమాళ్లు యాభై. మొత్తం నాలుగొందల గ్రాములు. ముప్పై రెండు సంచులూ కలిపి పదమూడు కిలోలకి కాస్త తక్కువ. పెదనాన్న పాత కారు డిక్కీలో అన్నీ పట్టేశాయి. అందులో రెండొందల అరవై గ్రాములు తినేవే కాబట్టి తిరుగు ప్రయాణానికి మిగిలేది నూట నలభై లోపు.

పెళ్లయ్యాక ఈసారి కూడా గదులన్నీ తిరిగి చూశాం. మీరూ చూడండి, ఏది పనికొచ్చిందో గదులే చెప్తాయి. చేతిరుమాళ్లు ఒక్కటీ మిగల్లేదు. హల్వా డబ్బీలు ఖాళీ. బ్యాండ్ ఎయిడ్లు చాలలేదని ముగ్గురు అడిగారు, నాలుగు కాదు ఆరు పెట్టాల్సింది. సూదీ దారం మాత్రం దాదాపు అన్ని గదుల్లోనూ అలాగే ఉన్నాయి. వచ్చేసారి అవి ఉండవు.

ఆ శుక్రవారం రాత్రి పదకొండుంపావుకి నేను మనుషుల లెక్క రాసుకుందామని పుస్తకం పట్టుకుని బస్సెక్కాను. ముందు సీట్లో అప్పటికే ఒకరు కూర్చుని ఉన్నారు. పట్టుచీర, చేతిలో కార్డు, ఒళ్లో విడిది సంచి. పుణె అమ్మాయి. “ఈసారి నేను పడుకోలేదు” అంది. సంచిలోంచి సెనగల ప్యాకెట్ తీసి నాక్కూడా కొన్ని పెట్టింది.